వంటగది ఇంటీరియర్ కొటేషన్: సంతకం చేసే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్లపాటు ఇంటీరియర్ సంస్థల్లో కొటేషన్లు తయారు చేయడమే నా పని. ఇప్పుడు తెలిసినవాళ్లు తమకు వచ్చిన కొటేషన్లు పంపి, ఒకసారి చూసిపెట్టమని అడుగుతుంటారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలే ఇవి. ఉదాహరణకు ఒకే ఒక కొటేషన్ తీసుకున్నాను. అది కూకట్‌పల్లిలో మా చెల్లెలి పాత ఫ్లాట్‌లోని వంటగదికి వచ్చినది. ఎల్ ఆకారపు గట్టు. ఒక గోడ పది అడుగులు, రెండోది ఎనిమిది అడుగులు. ఇందులోని ధరలు ఆ కొటేషన్‌కే చెందినవి. మీ ఊళ్లో, మీరు ఎంచుకునే సరుకుకు అవి మారతాయి. లెక్క చూసే పద్ధతి మాత్రం మారదు.

కొటేషన్ చేతికి రాగానే మొదట ఏం చూడాలి?

అందరూ చివరి మొత్తం చూస్తారు. ఆ తర్వాత చదరపు అడుగు ధర చూసి, దాన్ని వంద రూపాయలు తగ్గించమని బేరమాడతారు. నేను మొదట కొలతల వరుస చూస్తాను. ధర తగ్గించి కొలత పెంచితే సంస్థకు పోయేదేమీ ఉండదు. కొలత సరిచేయిస్తే మాత్రం మిగిలేది మీకే.

మా చెల్లెలికి వచ్చిన కొటేషన్ ఇలా ఉంది:

- కింది క్యాబినెట్లు: 18 అడుగులు × 2.75 అడుగులు = 49.5 చదరపు అడుగులు, ఒక్కోటి రూ.1,500 చొప్పున రూ.74,250
- పై క్యాబినెట్లు: 15 × 2 = 30 చదరపు అడుగులు, రూ.1,300 చొప్పున రూ.39,000
- అటక తలుపులు: 18 × 2 = 36 చదరపు అడుగులు, రూ.750 చొప్పున రూ.27,000
- టాల్ యూనిట్ అనే నిలువెత్తు అల్మరా: 2 × 7 = 14 చదరపు అడుగులు, రూ.1,500 చొప్పున రూ.21,000
- హార్డ్‌వేర్, యాక్సెసరీలు: రూ.45,000
- రవాణా, బిగింపు, ఇతరములు: రూ.15,000

మొత్తం రూ.2,21,250. కింద చిన్న అక్షరాల్లో ‘జీఎస్టీ అదనం’.

ఇందులో కొలత ఎక్కడ తప్పింది?

కింది క్యాబినెట్ల దగ్గర చూడండి. పది, ఎనిమిది కలిపి పద్దెనిమిది అని వేశారు. కానీ ఆ రెండు గోడలూ ఒక మూలలో కలుస్తాయి. కింది క్యాబినెట్ లోతు రెండు అడుగులు. మూలలో ఉండే పెట్టె పది అడుగుల గోడ లెక్కలోకి వచ్చేసింది కాబట్టి, రెండో గోడ వెంట లెక్క రెండు అడుగులు వదిలి మొదలుపెట్టాలి. ఆ పెట్టె ఒక్కటే, దానికి రెండుసార్లు ధర కట్టారు. ఇక ఎనిమిది అడుగుల గోడ చివర టాల్ యూనిట్ నిలబడుతుంది. దాని వెడల్పు రెండు అడుగులు, దానికి వేరే వరుసలో ధర వేశారు. అక్కడ కింది క్యాబినెట్ ఉండే వీలే లేదు. అంటే 10 + 8 – 2 – 2 = 14 అడుగులు. 14 × 2.75 = 38.5 చదరపు అడుగులు, రూ.57,750. ఈ ఒక్క వరుసలోనే రూ.16,500 తేడా.

పై క్యాబినెట్లలో కిటికీ మూడు అడుగులు తీసేసి పదిహేను అన్నారు. చిమ్నీకి పోయే రెండు అడుగులు తీయలేదు, టాల్ యూనిట్ రెండు అడుగులు తీయలేదు, మూల కూడా తీయలేదు. పై క్యాబినెట్ లోతు ఒక అడుగే కాబట్టి మూలకు ఒక అడుగు చాలు. మిగిలేది పది అడుగులు. 20 చదరపు అడుగులకు రూ.26,000. ఇక్కడ రూ.13,000 తేడా. అటక తలుపుల్లోనూ మూలకు రెండు అడుగులు తీస్తే 32 చదరపు అడుగులు, రూ.24,000.

మూడు వరుసలూ కలిపి రూ.32,500 తగ్గింది. 18 శాతం పన్నుతో చూస్తే రూ.38,350. చదరపు అడుగు ధరలో ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు.

దీన్ని మోసం అని నేను అనను. గోడల పొడవు కూడి మొదటి అంచనా ఇవ్వడం సేల్స్ వాళ్లకు అలవాటు. కాకపోతే ఎవరూ అడగకపోతే ఆ అంచనాయే చివరి బిల్లు అవుతుంది. అందుకే ప్రతి గోడకూ ఎదురుగా నిలబడి చూసినట్టు గీసిన బొమ్మ అడగండి. ఒక్కో పెట్టె వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో దాని మీద ఉండాలి. ఆ పెట్టెల వెడల్పులు కూడితే కొటేషన్‌లోని పొడవు రావాలి. రాకపోతే ఎక్కడ రాలేదో బొమ్మే చూపిస్తుంది.

ఎత్తు 2.75 అడుగులు సరైనదేనా?

కింది పెట్టె ఎత్తు సాధారణంగా 720 మిల్లీమీటర్లు, అంటే 28 అంగుళాల చిల్లర. దాని కింద కాళ్లు, వాటిని మూసే స్కర్టింగ్ పట్టీ కలిపి మరో నాలుగు అంగుళాలు. రెండూ కలిస్తే 32 అంగుళాల చిల్లర, దాన్ని 33 అంగుళాలుగా వేస్తే 2.75 అడుగులు. అంటే స్కర్టింగ్ ఈ లెక్కలోనే ఉంది. మళ్లీ స్కర్టింగ్‌కు వేరే వరుస కనిపిస్తే ఏదో ఒకటి తీయించాలి.

చదరపు అడుగు ధర దేనికి? పెట్టెకా, తలుపుకా?

ఈ మాట కొటేషన్‌లో రాసి ఉండాలి. మన పాత ఇళ్లలో చాలా వంటగట్లకు కింద కడప రాళ్లతో కట్టిన అరలు ఉంటాయి. వాటిని అలాగే ఉంచి ముందు తలుపులు మాత్రమే బిగిస్తే పెట్టెల ఖర్చు ఉండదు. అదే రాళ్లు తీసేసి పూర్తి పెట్టెలు పెడితే పక్కలు, అడుగు, వెనక పలక, లోపలి అర అన్నీ ఆ ధరలోకి రావాలి. రెండింటికీ ‘కిచెన్ క్యాబినెట్’ అనే రాస్తారు. ఒక సంస్థ రూ.900, మరొకటి రూ.1,500 అన్నప్పుడు మొదటిది చవక అనుకునే ముందు ఈ సంగతి అడగండి. వెనక పలక మందం కూడా అడగండి.

‘బీడబ్ల్యూపీ ప్లై’ అని రాశారు. అంత చాలా?

చాలదు. మరిగే నీటినీ తట్టుకునే ప్లైవుడ్ అని చెప్పడానికి అది వాడుక మాట. రాయించుకోవలసింది మూడు విషయాలు: ఏ ప్రమాణం, ఎంత మందం, ఏ కంపెనీ. మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 710. మామూలు ప్లైవుడ్‌కు ఐఎస్ 303, అందులో మళ్లీ నీటిని కొంత తట్టుకునేది, తేమను మాత్రమే తట్టుకునేది అని రెండు రకాలు. సింకు కింది పెట్టెకూ, దాని పక్క పెట్టెకూ ఐఎస్ 710 పట్టుబట్టి అడగండి. పై క్యాబినెట్లకు, అటకకు అంత అవసరం లేదు. అక్కడ తక్కువ ధర సరుకు వేసి డబ్బు మిగుల్చుకోవడంలో తప్పు లేదు.

షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ముద్రించి ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుకు, ఏ సరుకుకు ఇచ్చారో కనిపిస్తుంది. కోసి లామినేట్ అంటించాక ముద్ర కనబడదు. కాబట్టి కోయకముందే చూడాలి, లేదా ముద్ర కనిపించేలా ఫొటో పంపమనాలి. ఈ మాటను కొటేషన్‌లోనే ఒక వాక్యంగా చేర్పించండి. తర్వాత అడిగితే ఇబ్బంది పడతారు.

మరో చిన్న విషయం, నేను ఎన్నో ఇళ్లలో చూసినది. సింకు పైపు కోసం పెట్టె వెనక పలకకు ఇంటి దగ్గరే రంధ్రం కోస్తారు. ఫ్యాక్టరీలో అన్ని అంచులకూ పట్టీ అంటించినా, ఈ కొత్త అంచు పచ్చిగానే ఉండిపోతుంది. పైపు నుంచి కారే చెమ్మ ముందుగా పట్టేది అక్కడే. మంచి ప్లై కూడా కొంతకాలానికి అక్కడ పొరలు విడుతుంది. ఆ అంచుకు సిలికాన్ పూయడం పది నిమిషాల పని. బిగింపు ధరలో అది కూడా ఉందని రాయించండి.

హార్డ్‌వేర్ మొత్తం ఒకే అంకెగా ఇచ్చారు. విడదీయమని అడగవచ్చా?

అడిగి తీరాలి. కొటేషన్‌లో సరుకు మార్చడానికి అన్నిటికంటే వీలైన వరుస ఇదే. కబ్జాలు ఎన్ని, సొరుగులు ఎన్ని, ప్లేట్ల బుట్ట, సీసాల పుల్‌అవుట్, మూల యూనిట్ ఎన్ని అనేవి ఒక్కొక్కటి కంపెనీ పేరు, మోడల్ నంబరు, సంఖ్య, విడి ధరతో రావాలి. కంపెనీ పేరు ఒక్కటి ఉంటే సరిపోదు. ఒకే కంపెనీలో మామూలు కబ్జా, మెల్లగా మూసుకునే కబ్జా, తుప్పు పట్టని స్టీలు కబ్జా వేర్వేరు ధరల్లో ఉంటాయి.

సంఖ్యను మీరే లెక్కపెట్టవచ్చు. మామూలు ఎత్తు తలుపుకు రెండు కబ్జాలు, టాల్ యూనిట్ పొడవాటి తలుపుకు నాలుగు. బొమ్మలో తలుపులు లెక్కపెడితే తెలిసిపోతుంది. మా చెల్లెలి కొటేషన్‌లోని రూ.45,000 విడదీయించాక రూ.38,250 అయింది. తేడా ఎక్కడిదంటే, గదిలో మూడు సొరుగులే పట్టే చోట నాలుగింటికి ధర ఉంది.

‘రవాణా, బిగింపు, ఇతరములు’ వరుసనూ ఇలాగే అడిగాం. రవాణా రూ.5,000, బిగింపు రూ.6,000. ‘ఇతరములు’ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. దాన్ని తీసేశారు.

కొటేషన్‌లో లేనివి ఎలా తెలుస్తాయి?

ఉదయం వంటగదిలో చేసే పనులన్నీ ఒకసారి వరుసగా గుర్తు చేసుకోండి. కుళాయి తిప్పారు: కుళాయి, సింకు, పైపు పని ఎవరిది? మిక్సీ, గ్రైండర్, మైక్రోవేవ్, వాటర్ ఫిల్టర్ పెట్టారు: ప్లగ్ పాయింట్లు ఎవరు పెడతారు, ఒవెన్‌కు 16 ఆంపియర్ల పాయింటు ఉందా? చిమ్నీ వేశారు: గోడకు రంధ్రం ఎవరు కొడతారు? గట్టు మీద గ్రానైట్, దాని వెనక టైల్స్, పాత గట్టు పగలగొట్టడం, చెత్త కిందికి దించడం ఎవరిది?

మా చెల్లెలి విషయంలో ఇవేవీ కొటేషన్‌లో లేవు. విడిగా మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను, ప్లంబర్‌ను అడిగితే గ్రానైట్ రూ.24,000, టైల్స్ రూ.12,000, కరెంటు పని రూ.9,000, నీటి పని రూ.7,000 అన్నారు. మొత్తం రూ.52,000. సంస్థ చేయకపోవడం తప్పు కాదు. ‘మా పరిధిలో లేనివి’ అనే జాబితా ఇవ్వకపోవడం తప్పు. ఆ జాబితా రాతలో అడగండి.

జీఎస్టీ ఎంత? లేకుండా చేయించుకుంటే లాభమేనా?

ఇలాంటి పనికి 18 శాతం. సరిచేసిన లెక్కలో క్యాబినెట్లు రూ.1,28,750, హార్డ్‌వేర్ రూ.38,250, రవాణా, బిగింపు రూ.11,000 కలిపి రూ.1,78,000. పన్ను రూ.32,040. చివరి మొత్తం రూ.2,10,040. మొదటి కొటేషన్‌కు కూడా పన్ను కలిపితే రూ.2,61,075 అయ్యేది.

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణ నమోదు అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, నమోదు పనిచేస్తోందో రద్దయిందో చూడండి. చిన్న వ్యాపారులకు ఉద్దేశించిన కాంపొజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి కొనుగోలుదారు దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. అది కూడా అక్కడే తెలుస్తుంది.

నగదు ఇస్తే పన్ను వద్దంటారు కొందరు. అప్పుడు మీ చేతిలో బిల్లు ఉండదు. పదేళ్ల వారంటీ అని నోటితో చెప్పినదానికి రుజువూ ఉండదు. అది మీకు నష్టమే.

ముందుజాగ్రత్త సొమ్ము ఎంత పక్కన పెట్టాలి?

‘పది శాతం’ అని అందరూ చెబుతారు. నేను అలా ఒకే శాతం వేయను. ఫ్యాక్టరీలో తయారయ్యే పనిలో, కొలతలు ఇంటి దగ్గర తీసి బొమ్మ మీద సంతకం అయ్యాక అనుకోని ఖర్చు తక్కువ. గోడ పగలగొట్టే పనిలో లోపల ఏముందో పగలగొట్టాకే తెలుస్తుంది. అందుకని మొదటిదానికి 5 శాతం, రెండోదానికి 20 శాతం వేస్తాను. రూ.2,10,000పై రూ.10,500, రూ.52,000పై రూ.10,400. కలిపి దాదాపు రూ.21,000. మొత్తం ఖర్చులో ఇది 8 శాతం. కొత్త ఫ్లాట్ అయి, బిల్డర్ ఇచ్చిన గట్టు, పాయింట్లు సరిగ్గా ఉంటే ఇంకా తగ్గుతుంది.

దాన్ని ఏం చేశామో చెబుతాను. పాత టైల్స్ ఊడదీయగానే వెనక ఇనుప పైపు తుప్పుపట్టి, చేత్తో తడితే పొట్టు రాలింది. సింకు వరకు కొత్త పైపు వేయడానికి రూ.6,500. ఎనిమిది అడుగుల గోడ నిట్టనిలువుగా లేదు. పైన ఒకచోట, కింద ఒకచోట టేపు పెడితే అంగుళానికి దగ్గరగా తేడా వచ్చింది. టాల్ యూనిట్ పక్కన ఆ సందు మూయడానికి ఫిల్లర్ పట్టీకి, గోడకు కొంత సిమెంటు పూతకు రూ.3,200. మొత్తం రూ.9,700 పోయింది, మిగిలినది మిగిలింది.

ఈ సొమ్ము మీ బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. మంచి హ్యాండిళ్లు నచ్చాయని ఇందులోంచి తీయవద్దు. అది కోరికతో పెరిగిన ఖర్చు, దానికి డబ్బు వేరేగా చూసుకోవాలి. పైపు బయటపడే రోజున చేతిలో డబ్బు లేకపోతే, దాని మీదే టైల్స్ వేసి మూసేస్తారు.

సంస్థే ఈ ముందుజాగ్రత్త సొమ్మును ‘కంటింజెన్సీ 10 శాతం’ అని కొటేషన్‌లో కలిపితే?

తీసేయించండి. బిల్లులో ఒకసారి చేరితే అది ఖర్చయినా కాకపోయినా చెల్లించాల్సిందే అన్నట్టు అయిపోతుంది. ఒప్పుకోకపోతే ‘కొనుగోలుదారు ముందుగా రాతలో ఒప్పుకున్న పనికి మాత్రమే, అయిన ఖర్చు మేరకే’ అనే వాక్యం చేర్పించి, దాన్ని మొత్తంలో కలపకుండా కింద విడిగా చూపించమనండి.

పని మధ్యలో మార్పు వస్తే?

మాట మీద ఒప్పుకోవద్దు. ఏం మారుతోంది, ఎంత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎన్ని రోజులు ఆలస్యం అవుతుంది అనే మూడు విషయాలు వాట్సాప్ సందేశంగా అయినా రావాలి. మీరు ‘సరే’ అని జవాబిచ్చాకే పని మొదలవ్వాలి. తగ్గే మార్పులను కూడా ఇలాగే రాయించండి. ఒక సొరుగు వద్దనుకున్న సంగతి చివరి బిల్లు నాటికి ఎవరికీ గుర్తుండదు.

చెల్లింపులు ఎన్ని విడతలుగా ఇవ్వాలి?

చాలా సంస్థలు అడిగేది దాదాపు ఇలా ఉంటుంది: బుకింగ్‌కు 10 శాతం, తయారీ మొదలుపెట్టడానికి 50, లారీ ఎక్కించే ముందు 35 లేదా 40. అంటే ఒక్క పెట్టె కూడా మీ గుమ్మం దాటకముందే దాదాపు డబ్బంతా వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఒక తలుపు రంగు వేరేగా వచ్చినా, కబ్జాలు తక్కువ పడినా, మీరు ఫోన్ చేస్తూ ఉండాలి.

వాళ్ల వైపు న్యాయం కూడా ఉంది. మీ వంటగదికి కోసిన పెట్టెలు ఇంకెవరికీ పనికిరావు. కాబట్టి తయారీకి ముందు సగం అడగడం సబబే. నేను కోరేది మిగిలిన సగం పని వెనకే రావాలని. రూ.2,10,040ని మేం ఇలా విడగొట్టాం:

- ఇంటి దగ్గర కొలతలు తీసి, బొమ్మల మీద ఇద్దరూ సంతకం చేశాక: రూ.21,000
- ప్లై, లామినేట్, హార్డ్‌వేర్ పేర్లు ఖరారై, ప్లై ముద్ర ఫొటోలు వచ్చాక: రూ.84,000
- పెట్టెలు, తలుపులు, హార్డ్‌వేర్ ఇంటికి చేరి, జాబితాతో సరిపోల్చాక: రూ.63,000
- బిగింపు పూర్తయ్యాక: రూ.31,500
- వాడకం మొదలైన పదిహేను రోజులకు, లోపాలు సరిచేశాక: మిగిలిన రూ.10,540

ఏ విడతకూ తేదీ లేదు, గమనించారా? ‘ముప్పై రోజులకు రెండో విడత’ అని రాస్తే, పని జరగకపోయినా ముప్పయ్యో రోజు వస్తుంది. ప్రతి విడతా మీ కళ్లతో చూడగలిగే ఒక సంఘటనకు కట్టుబడి ఉండాలి. తేదీలు పని పూర్తి చేసే గడువుకు రాయండి. డబ్బు సంస్థ పేరిట ఉన్న ఖాతాకే పంపండి, సూపర్‌వైజర్ సొంత నంబరుకు వద్దు.

మా సంస్థ ఈ విడతలకు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

పెద్ద సంస్థల్లో చెల్లింపు పద్ధతి మార్చే అధికారం బ్రాంచిలో ఉన్నవాళ్లకు ఉండదు. అప్పుడు రెండు విషయాలు అడగండి. లారీ ఎక్కించే ముందు ఫ్యాక్టరీకి వచ్చి పెట్టెలు చూశాకే ఆ విడత చెల్లిస్తామని. చివర కనీసం 5 శాతం బిగింపు తర్వాతకు ఉంచుతామని. ఈ రెండూ కుదరవంటే నేనైతే వేరే సంస్థను చూస్తాను.

మేం విదేశంలో ఉన్నాం. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో చేయిస్తున్నాం. ఎలా చూసుకోవాలి?

విడత చెల్లించే ముందు వీడియో కాల్ చేయించండి. టేపు గోడకు ఆనించి, అంకె కనిపించేలా చూపించమనండి. పెద్దవాళ్లను డబ్బు కోసం ఇంటి దగ్గర నేరుగా అడగకూడదని ముందే రాయించుకోండి.

బిగింపు పూర్తయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి?

ఒక పూట కేటాయించి మీరే చూడాలి. ప్రతి తలుపూ తెరిచి మూయండి, పక్క తలుపుతో సందు పైనా కిందా ఒకేలా ఉందా చూడండి. ప్రతి సొరుగులోనూ బరువు పెట్టి లాగండి. ఖాళీ సొరుగు ఎప్పుడూ బాగానే నడుస్తుంది. సింకు నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి. అప్పుడు కింద పెట్టెలో పొడి టిష్యూ కాగితం పరచి ఉంచితే చిన్న చుక్క కూడా కనిపిస్తుంది. మా చెల్లెలి ఇంట్లో ఆ కాగితం మీద రూపాయి బిళ్లంత తడి మచ్చ పడింది. పైపు జాయింటు బిగించడానికి ఐదు నిమిషాలు పట్టింది. లోపాలన్నీ ఒకే జాబితాగా, ఫొటోలతో పంపండి. రోజుకొకటి చెబితే రోజుకొక కారణం చెప్పి వాయిదా వేస్తారు.

డబ్బు తీసుకుని పని ఆపేస్తే?

ముందు లోపాలు, గడువు రాసి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు ద్వారా నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం రూ.50 లక్షల వరకు ఉన్న వివాదాలు అక్కడ విచారిస్తారు, రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. అక్కడ చూపించాల్సినవి సంతకం చేసిన బొమ్మలు, వరుసలవారీ కొటేషన్, బ్యాంకు చెల్లింపుల వివరాలు, మార్పుల సందేశాలు.